ముందు సరైన అంకె, ఆ తర్వాత క్షమాపణ

బిల్లులో మొత్తం తప్పు పడిందని తెలియగానే చాలామందికి ముందుగా తోచే మాట ‘క్షమించండి’. తప్పు చేసిన మనిషి తల వంచుకుని మాట్లాడటం మన పెంపకంలోనే ఉంది కాబట్టి అది సహజం. కానీ ఆ ఉత్తరం అందుకునే అకౌంటెంటు పరిస్థితి వేరు. ఆయన దగ్గర మనం పంపిన తప్పు అంకె ఉంది. అది ఇప్పటికే టాలీలో ఎక్కి ఉండొచ్చు, యజమాని సంతకానికి వెళ్లిన చెల్లింపుల జాబితాలో చేరి ఉండొచ్చు. ఆయనకు వెంటనే తెలియాల్సింది ఒక్కటే: ఇప్పుడు ఎంత కట్టాలి? మన బాధ ఎంత నిజమైనదైనా ఆ ప్రశ్నకు జవాబు కాదు. అందుకే ఇలాంటి ఉత్తరంలో సరిచేసిన మొత్తం మొదటి వాక్యంలో ఉండాలి, క్షమాపణ దాని వెనక రావాలి. చిన్న వ్యాపారాలు చేసేవాళ్లలో చాలామంది ఈ వరసను తిరగేస్తారు. అలా తిరగేసిన ఒక ఉత్తరాన్ని తీసుకుని, దాన్ని మళ్లీ రాసి చూద్దాం.

విజయవాడలో ఏసీలు సర్వీసు చేసే ఒక చిన్న సంస్థ ఉందనుకుందాం. వేసవి రాకముందే ఒక బట్టల షోరూంలో 24 ఏసీలు శుభ్రం చేసింది. ఒక్కోదానికి రూ.750 చొప్పున పని విలువ రూ.18,000. దాని మీద సీజీఎస్టీ తొమ్మిది శాతం రూ.1,620, ఎస్‌జీఎస్టీ మరో రూ.1,620. అన్నీ కలిపి రూ.21,240 రావాలి. బిల్లు కొట్టేటప్పుడు 24 కాస్తా 42 అయింది. దాంతో పని విలువ రూ.31,500, రెండు పన్నులూ కలిపి రూ.5,670, మొత్తం రూ.37,170 అయి కూర్చుంది. ఫిబ్రవరి 6న 126వ నంబరు ఇన్‌వాయిస్‌గా అది వెళ్లిపోయింది. మెకానిక్కులు సంతకం చేయించుకొచ్చిన జాబ్ కార్డులతో బిల్లులు సరిచూస్తున్నప్పుడు, 9వ తేదీన యజమాని కంట పడింది.

లెక్కలు రాసేవాళ్లకు ఇక్కడ ఒక పాత చిట్కా పనికొస్తుంది. రెండు మొత్తాల మధ్య తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడితే, ఎక్కడో పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమోనని ముందు అనుమానించాలి. 42లోంచి 24 తీస్తే 18. మొత్తాల తేడా రూ.15,930 కూడా తొమ్మిదితో తెగుతుంది. ఇది రుజువు కాదు, వెతకాల్సిన చోటు చూపించే గుర్తు మాత్రమే. అయినా ఉత్తరం రాసే ముందు తప్పు ఎలా వచ్చిందో తెలిసి ఉండాలి. కారణం తెలియకుండా రాసిన సవరణలో రెండో తప్పు దొర్లే ప్రమాదం ఎక్కువ.

ఆ యజమాని మొదట రాసిన ఉత్తరం దాదాపు ఇలా ఉంటుంది:

“గౌరవనీయులైన అకౌంట్స్ మేనేజర్ గారికి నమస్కారం. మా సంస్థపై మీరు ఎంతో కాలంగా ఉంచిన నమ్మకానికి కృతజ్ఞతలు. ఇటీవల మేము పంపిన ఇన్‌వాయిస్‌లో కొన్ని సాంకేతిక కారణాల వల్ల చిన్న పొరపాటు జరిగినట్లు మా దృష్టికి వచ్చింది. ఇందుకు తీవ్రంగా చింతిస్తున్నాము. మీకు కలిగిన అసౌకర్యానికి మన్నించగలరు. రూ.37,170గా పేర్కొన్న మొత్తాన్ని రూ.21,240గా చదువుకోవాలని మనవి. సవరించిన ఇన్‌వాయిస్ జతచేశాము. ఇకముందు ఇలాంటివి జరగకుండా చూసుకుంటాము.”

ఎక్కడా అమర్యాద లేదు, భాషా తప్పులు లేవు. అయినా ఈ ఉత్తరం దాని పని చేయదు. నమస్కారం వదిలేసి లెక్కపెడితే అసలు అంకె ఐదో వాక్యంలో వచ్చింది. ఆ వాక్యంలోనూ కంటికి ముందు తగిలేది తప్పు అంకే. అకౌంట్స్ విభాగంలో కూర్చునేవాళ్లు ఉత్తరాలను తీరిగ్గా చదవరు. ఫోన్‌లో మెయిల్ జాబితా చూసినప్పుడు కనిపించేది సబ్జెక్టు, దాని కింద మొదటి కొన్ని మాటలు. ఇక్కడ ఆ కొన్ని మాటలూ ‘మీరు ఉంచిన నమ్మకానికి కృతజ్ఞతలు’ అయ్యాయి. అది పండగ శుభాకాంక్షల మెయిల్ అనుకుని సాయంత్రానికి వాయిదా వేసినా ఆయన్ని తప్పుపట్టలేం. ఈలోగా రూ.37,170 బ్యాంకు దాటిపోవచ్చు.

మరో లోపం, ఏ ఇన్‌వాయిస్ గురించో చెప్పకపోవడం. ‘ఇటీవల మేము పంపిన’ అంటే ఏది? ఆ షోరూంకు ఈ సంస్థ నెలలో మూడు బిల్లులు పంపి ఉంటే, అకౌంటెంటు మూడింటినీ తెరిచి రూ.37,170 ఎక్కడుందో వెతుక్కోవాలి. తప్పు మనది, వెతికే పని ఆయనది. అలాగే ‘చిన్న పొరపాటు’ అన్న మాట. రావాల్సిన మొత్తం మీద సరిగ్గా మూడు వంతుల ఎక్కువ వేసి దాన్ని చిన్నది అనడం చదివేవాడికి చికాకు తెప్పిస్తుంది. అది చిన్నదో పెద్దదో తేల్చుకోవాల్సింది డబ్బు కట్టేవారు. ఇక ‘సాంకేతిక కారణాలు’ నిజమే కాదు. అంకెలు తారుమారు చేసింది మనిషి. అకౌంటెంటు జాబ్ కార్డు తీసి చూస్తే ఆ సంగతి నిమిషంలో తెలిసిపోతుంది, అప్పుడు క్షమాపణకు కూడా విలువ పోతుంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ‘చదువుకోవాలని మనవి’ అన్న చోట ఉంది. జీఎస్టీ ఉన్న బిల్లు మొత్తం ఉత్తరంలో రాసిన మాటతో మారదు. ఇన్‌వాయిస్‌లో విలువ గానీ పన్ను గానీ ఎక్కువ పడితే దాన్ని తగ్గించడానికి చట్టం చూపించిన కాగితం క్రెడిట్ నోట్. కేంద్ర జీఎస్టీ చట్టం 34వ సెక్షన్‌లో ఇది ఉంది. దానికి వేరే నంబరు, తేదీ ఉంటాయి. ఏ ఇన్‌వాయిస్‌ను సవరిస్తున్నదో దాని మీద రాయాలి. మన ఉదాహరణలో క్రెడిట్ నోట్ పని విలువ రూ.13,500, సీజీఎస్టీ రూ.1,215, ఎస్‌జీఎస్టీ రూ.1,215, మొత్తం రూ.15,930.

చాలామంది చేసేది ఇది కాదు. అదే 126 నంబరుతో, అదే తేదీతో కొత్త మొత్తం వేసి ఇంకో పీడీఎఫ్ పంపేస్తారు. అప్పుడు షోరూం దగ్గర ఒకే నంబరుతో రెండు బిల్లులు ఉంటాయి. ఒకదాన్ని ఒకరు టాలీలో ఎక్కిస్తారు, రెండోదాన్ని ఇంకొకరు ఫైల్లో పెడతారు. నెల తిరిగాక మన జీఎస్టీఆర్-1లో ఉన్న అంకెకూ, వాళ్ల పుస్తకాల్లో ఉన్న అంకెకూ పొంతన కుదరక ఫోన్లు మొదలవుతాయి. ఈ-ఇన్‌వాయిస్ పరిధిలోకి వచ్చే పెద్ద సంస్థలకు ఒక వెసులుబాటు ఉంది. పోర్టల్‌లో నమోదైన 24 గంటల్లోపు ఆ ఇన్‌వాయిస్‌ను అక్కడే రద్దు చేసి, కొత్త నంబరుతో మరొకటి ఇవ్వొచ్చు. ఆ గడువు దాటితే వాళ్లకూ క్రెడిట్ నోటే దారి. ఏ దారి పట్టినా ఉత్తరం రాసేలోపే ఆ కాగితం సిద్ధంగా ఉండాలి. ‘త్వరలో పంపిస్తాం’ అంటూ ముందు క్షమాపణ పంపి, కాగితం వారం తర్వాత పంపితే, ఆ వారమంతా షోరూం పుస్తకాల్లో తప్పు అంకే ఉంటుంది.

ఇప్పుడు తిరగరాయడం మొదలుపెడదాం. మొదటి వాక్యం పాఠకుడి ప్రశ్నకు నేరుగా జవాబివ్వాలి. అందులో మూడే ఉండాలి: ఏ ఇన్‌వాయిస్, ఎవరు ఎవరికి కట్టాలి, సరైన మొత్తం ఎంత. తప్పు అంకెను ఆ వాక్యంలోకి రానివ్వకూడదని నా గట్టి అభిప్రాయం. రెండు అంకెలు పక్కపక్కన కనిపిస్తే తొందరలో ఉన్న కన్ను దేన్ని పట్టుకుంటుందో చెప్పలేం. సబ్జెక్టుకూ ఇదే సూత్రం. ‘పొరపాటుకు క్షమాపణలు’ అని కాకుండా ‘ఇన్‌వాయిస్ 126: చెల్లించాల్సిన సరైన మొత్తం రూ.21,240’ అని పెట్టాలి. మెయిల్ తెరవకపోయినా విషయం చేరిపోతుంది. ఆరు నెలల తర్వాత ఆడిట్ వేళ వెతికినా ఆ నంబరుతో దొరుకుతుంది.

రెండో వాక్యంలో తప్పు అంకె రావాలి. దాన్ని అసలు చెప్పకుండా దాటేయడమూ సరికాదు, ఎందుకంటే అకౌంటెంటు తన దగ్గరున్న కాగితంతో పోల్చుకోవాలి. వెంటనే కారణం ఒక్క ముక్కలో. ఆ వెనకే క్షమాపణ. అది ఒక్కసారే, చేసినవాళ్లు ఎవరో తెలిసేలా ఉండాలి. ‘పొరపాటు జరిగింది’ అన్నప్పుడు అది దానంతటదే జరిగినట్టు ఉంటుంది. ‘మేం తప్పుగా వేశాం’ అంటే మనిషి ముందుకొచ్చి నిలబడినట్టు ఉంటుంది. మూడుసార్లు చింతించడం కన్నా ఇది ఎక్కువ గౌరవం. బిల్లు కొట్టిన కుర్రాడి మీదకు తోసేయడం మాత్రం వద్దు. సంస్థ పేరుతో బిల్లు వెళ్లింది, సంస్థ పేరుతోనే తప్పు ఒప్పుకోవాలి.

ఆ తర్వాత చదివేవాళ్లు ఏం చేయాలో చెప్పాలి. ఉత్తరాల్లో అందరూ వదిలేసే భాగం ఇదే. మన ఉదాహరణలో వాళ్లకు రావాల్సిన సందేహాలు నాలుగైదు ఉన్నాయి. పాత ఇన్‌వాయిస్‌ను చింపేయాలా, ఉంచాలా? ఇప్పటికే డబ్బు కట్టేసి ఉంటే? గడువు పాతదేనా? టీడీఎస్ ఎంత మీద? వీటిలో టీడీఎస్ సంగతి కాస్త విడమర్చి చెప్పాలి, ఎందుకంటే తప్పు అంకె చేసే చేటు ఇక్కడ బాగా కనిపిస్తుంది.

కాంట్రాక్టు పనికి చెల్లించేటప్పుడు, ఒక్క బిల్లు రూ.30,000 దాటితే గానీ, ఏడాది మొత్తం చెల్లింపులు లక్ష దాటితే గానీ, టీడీఎస్ పట్టాల్సిన సంస్థలు దాన్ని పట్టుకోవాలి. జీఎస్టీని బిల్లులో విడిగా చూపిస్తే ఆ పన్ను భాగాన్ని వదిలేసి పని విలువ మీదే లెక్కిస్తారు. అసలు పని విలువ రూ.18,000. ఏడాది మొత్తం లక్ష లోపే ఉంటే ఈ బిల్లు మీద టీడీఎస్ లేదు. తప్పుగా వేసిన రూ.31,500 మాత్రం ముప్పై వేలు దాటేసింది. ఏసీల సంస్థ ఒక్కడి సొంత వ్యాపారమైతే ఒక శాతం, అంటే రూ.315 షోరూం పట్టుకుంటుంది. పైగా టీడీఎస్ డబ్బు కట్టినప్పుడే కాదు, బిల్లును పుస్తకాల్లో జమ రాసినా ఆ రోజే పట్టాలి. రెండిట్లో ఏది ముందైతే అది. అంటే చెల్లింపు ఇంకా జరగలేదు కదా అని మనం నిశ్చింతగా ఉండటానికి లేదు. షోరూం అకౌంటెంటు ఇప్పటికే రూ.315 పక్కన పెట్టి ఉండొచ్చు. అందుకే సరిచేసిన మొత్తంతోపాటు సరిచేసిన పని విలువను కూడా ఉత్తరంలో విడిగా రాయాలి.

ఇవన్నీ కలిపితే ఉత్తరం ఇలా తయారవుతుంది:

“అకౌంట్స్ మేనేజర్ గారికి నమస్కారం.

ఫిబ్రవరి 6 నాటి ఇన్‌వాయిస్ 126 కింద మీరు మాకు చెల్లించాల్సిన సరైన మొత్తం రూ.21,240.

మేం పంపిన బిల్లులో రూ.37,170 అని తప్పుగా వేశాం. మీ షోరూంలో సర్వీసు చేసినవి 24 ఏసీలు, బిల్లులో 42 అని కొట్టాం. తప్పు మాదే, క్షమించండి.

తేడా రూ.15,930కి క్రెడిట్ నోట్ 9ని జతచేశాం. ఇన్‌వాయిస్ 126ను అలాగే ఉంచి, దానికి ఎదురుగా ఈ క్రెడిట్ నోట్ ఎక్కించుకుంటే బాకీ రూ.21,240కి వస్తుంది. ఇందులో పని విలువ రూ.18,000, టీడీఎస్ వర్తించేట్టయితే దాని మీదే చూడండి.

ఇప్పటికే రూ.37,170 పంపించి ఉంటే మాకు ఒక్క మాట చెప్పండి. రూ.15,930 రెండు పనిదినాల్లో మీ ఖాతాకు తిరిగి వేస్తాం. పంపకపోతే, ఫిబ్రవరి 21 నాటి గడువును 24 వరకు జరుపుతున్నాం. మా బ్యాంకు ఖాతా వివరాలు ఏవీ మారలేదు.”

పాత ఉత్తరంలో ఉన్న నమ్మకం, కృతజ్ఞత, అసౌకర్యం, ఇకముందు అన్నవి ఇందులో లేవు. ‘ఇకముందు జరగకుండా చూసుకుంటాం’ అన్న హామీని నేను కావాలనే తీసేశాను. నిజంగా ఏదైనా ఏర్పాటు చేసి ఉంటే, ఉదాహరణకు జాబ్ కార్డులతో సరిచూశాకే బిల్లు పంపాలని నియమం పెట్టుకుని ఉంటే, ఆ మాట రాయొచ్చు. ఏమీ మార్చకుండా ఇచ్చే హామీ మళ్లీ తప్పు జరిగిన రోజున మనకే ఎదురు తిరుగుతుంది. గడువును మూడు రోజులు జరపడం మాత్రం అవసరం. ఆ మూడు రోజులూ మన తప్పువల్ల పోయినవి.

చివర్లో ఉన్న బ్యాంకు ఖాతా వాక్యం అదనపు మాటలా కనిపించవచ్చు. కానీ ‘పాత బిల్లు తప్పు, ఈ కొత్త మొత్తం కట్టండి’ అనే మెయిల్ చదివిన అకౌంటెంటుకు ముందు కలగాల్సింది అనుమానమే. వ్యాపారుల మెయిళ్లలోకి చొరబడి, పాత ఉత్తరాల వరసలోనే బిల్లు మారిందని రాసి, డబ్బు వేరే ఖాతాకు మళ్లించుకునే మోసగాళ్లు పెరిగారు. అందుకే మొత్తం సవరణనూ ఖాతా మార్పునూ ఒకే ఉత్తరంలో ఎప్పుడూ కలపకూడదు. నిజంగా ఖాతా మారి ఉన్నా ఆ సంగతి వేరే రోజు, వేరే ఉత్తరంలో, ఫోన్ చేసి చెప్పి పంపాలి.

ఫోన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. చెల్లింపు గడువు ఆ రోజో మర్నాడో అయితే మెయిల్ కోసం ఆగకుండా ముందు ఫోన్ చేయాలి. అక్కడా వరస ఇదే. “సార్, 126 బిల్లుకి మీరు కట్టాల్సింది ఇరవై ఒక్క వేల రెండు వందల నలభై అండి. మేం ముప్పై ఏడు వేల చిల్లర వేశాం, తప్పు మాది. మెయిల్ పెడుతున్నా” అంటే చాలు. “సార్, ఏమీ అనుకోకండి, ఒక చిన్న పొరపాటు జరిగింది, ఎలా చెప్పాలో తెలియట్లేదు” అని మొదలుపెడితే అవతలి మనిషికి గుండె జారుతుంది, విషయం మాత్రం తెలియదు. ఫోన్ చేశాం కదా అని మెయిల్ మానకూడదు. క్రెడిట్ నోట్ చేతికందాలి, ఆడిటరుకు చూపించడానికి రాత ఉండాలి. బిల్లును పాస్ చేసిన మేనేజరుకు ఒక కాపీ వెళ్లాలి. లేకపోతే ఆయన పాత మొత్తం మీదే సంతకం చేసి కిందికి పంపుతారు.

ఇప్పటిదాకా చెప్పింది ఎక్కువ వేసిన బిల్లు గురించి. తక్కువ వేసినప్పుడు చెయ్యి ఇంకా వణుకుతుంది, ఎందుకంటే అది క్షమాపణతోపాటు డబ్బు అడగడం కూడా. సరిగ్గా అందుకే ఆ ఉత్తరాల్లో అంకె ఇంకా కిందికి జారిపోతుంది. పని నిజంగా 42 ఏసీలకు చేసి 24కే బిల్లు వేశారనుకోండి. అప్పుడు మొదటి వాక్యం “ఇన్‌వాయిస్ 126 సరైన మొత్తం రూ.37,170, అందులో ఇంకా రావాల్సింది రూ.15,930” అని ఉండాలి. ఇక్కడ క్రెడిట్ నోట్‌కు బదులు డెబిట్ నోట్ జతచేయాలి. 42 అని రుజువు చేసే జాబ్ కార్డు కాపీ కూడా పెట్టాలి, తగ్గించినప్పుడు ఎవరూ రుజువు అడగరు గానీ పెంచినప్పుడు తప్పకుండా అడుగుతారు. మిగతా సొమ్ముకు కాస్త ఎక్కువ గడువివ్వడం న్యాయం. షోరూంవాళ్లు ఆ నెల ఖర్చును మన పాత అంకె చూసే వేసుకుని ఉంటారు. అడగాలా వద్దా అన్న ఊగిసలాట ఉంటే అది ఉత్తరానికి ముందే తేల్చుకోవాలి. “వీలైతే, మీకు ఇబ్బంది లేకపోతే” అని రాస్తే అది బాకీయో విరాళమో అకౌంటెంటుకు అర్థం కాదు, దేని కింద ఎక్కించాలో తెలియక పక్కన పెట్టేస్తారు.

పంపే ముందు ఒక పరీక్ష చేయండి. ఈ వ్యవహారం ఏమీ తెలియని ఒకరికి ఫోన్‌లో మెయిల్ చూపించి, సబ్జెక్టు, మొదటి వాక్యం మాత్రమే చదవమనండి. తర్వాత “ఎంత కట్టాలి?” అని అడగండి. తడుముకోకుండా రూ.21,240 అంటే ఉత్తరం సరిగ్గా ఉంది. ఆ తర్వాత కాలిక్యులేటర్ తీసుకుని, రూ.37,170లోంచి క్రెడిట్ నోట్ మొత్తం తీసేసి చూడండి. ఉత్తరంలోని అంకె, జతచేసిన కాగితంలోని అంకె, ఈ లెక్కలో వచ్చిన అంకె మూడూ ఒకటే కావాలి. ఒకసారి తప్పు వేస్తే పార్టీ సర్దుకుంటుంది. సవరణలోనూ తప్పు వేస్తే మన పాత బిల్లులన్నీ బయటికి తీసి చూస్తుంది.

ఉత్తరం పంపడంతో పని పూర్తి కాదు. ఆ ఇన్‌వాయిస్, క్రెడిట్ నోట్ రెండూ మన రిటర్నులో చేరాలి. నెలనెలా రిటర్ను వేసేవాళ్లు ఫిబ్రవరి కాగితాలను మార్చి 11లోపు జీఎస్టీఆర్-1లో చూపించాలి. అక్కడ క్రెడిట్ నోట్ మరచిపోతే, మనం వసూలు చేయని రూ.2,430 పన్ను మన జేబులోంచి కట్టినట్టే. షోరూం కూడా పాత అంకె మీద పన్ను మినహాయింపు తీసుకుని ఉంటే ఆ మేరకు వెనక్కి ఇవ్వాలి. ఏడాది దాటాక గుర్తొచ్చినా కొంత సమయం ఉంటుంది. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 లోపు, లేదా వార్షిక రిటర్ను వేసే రోజులోపు, ఏది ముందైతే అప్పటికి ఆ క్రెడిట్ నోట్‌ను చూపించాలి. ఆ తేదీ దాటితే ఎక్కువ కట్టిన పన్నును ఆ క్రెడిట్ నోట్ ద్వారా తగ్గించుకోలేం.